ఆ కాగితం లేకపోతే ఎవరి పని ఆగుతుంది?

ప్రభుత్వ రంగ బ్యాంకులో కొత్తగా చేరిన వాళ్లకు మొదటి ఏడాదిలోనే పక్క సీటు వాళ్లు చెప్పే మాట ఒకటుంది: "ముందు జైబ్ రాసెయ్యమ్మా, కైబ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు." ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ పెట్టే ఈ రెండు పరీక్షల పూర్తి పేర్లు అడిగితే చాలామంది తడుముకుంటారు. పాసైతే ఏమొస్తుందో మాత్రం ఎవరూ తడుముకోరు. ఇంక్రిమెంటు వస్తుంది. బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరిన ఒప్పందాల్లోనే ఆ మాట రాసి ఉంది. మేనేజరు మెచ్చుకోవాల్సిన అవసరం లేదు, ఇంటర్వ్యూ లేదు, బేరం లేదు. ఫలితం వచ్చింది, జీతం స్లిప్పులో అంకె మారింది. అదే ఉద్యోగి రేపు బ్యాంకు వదిలి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫైనాన్స్ విభాగానికి దరఖాస్తు చేస్తే, అక్కడ ఆ కాగితం గురించి అడిగేవాళ్లే ఉండరు.

ఇంకోవైపు, మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి రెండు వారాంతాల్లో సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్ తెచ్చుకున్న కుర్రవాడు ఉంటాడు. అతనికి ఎవరూ ఏమీ రాసివ్వలేదు. రెజ్యూమెలో ఒక వరుస పెరిగింది, అంతే.

రెండూ సర్టిఫికేషన్లే. కష్టంలోనో సిలబస్‌లోనో వాటి మధ్య తేడా వెతికితే అసలు సంగతి చేతికి చిక్కదు. ఉద్యోగం ఇచ్చేవాడి వైపు ఆ కాగితానికి ఏదైనా ముడిపడి ఉందా అన్నదే తేడా. అందుకే ఫైనాన్స్ అయినా, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అయినా, క్వాలిటీ అయినా, ఫీజు కట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. నా దగ్గర ఈ కాగితం లేకపోతే యజమాని దగ్గర ఏ పని ఆగుతుంది? ఆగే పని ఉంటే దానికి ధర ఉంటుంది. ఆగేది ఏమీ లేకపోతే, కోచింగ్ సెంటర్ బ్రోచర్‌లో ఎంత పెద్ద జీతం అచ్చువేసినా అది కోచింగ్ సెంటర్ మాటే కానీ యజమాని మాట కాదు.

పని ఆగడానికి చట్టం ఒక కారణం. మన దేశంలో కంపెనీ ఖాతాల ఆడిట్ నివేదిక మీద ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటే సంతకం చెయ్యాలి. సిమెంటు, ఉక్కు, మందులు వంటి పరిశ్రమల్లో నిర్ణీత టర్నోవరు దాటిన కంపెనీలకు 2013 కంపెనీల చట్టంలోని 148వ సెక్షన్ కింద కాస్ట్ ఆడిట్ ఉంటుంది, ఆ నివేదిక ప్రాక్టీసులో ఉన్న కాస్ట్ అకౌంటెంటు ఇవ్వాలి. మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లు ఎన్ఐఎస్ఎమ్ వారి సిరీస్ ఐదు-ఎ పరీక్ష పాసవ్వాలి. లేకపోతే డిస్ట్రిబ్యూటరుగా నమోదు కుదరదు, కమీషనూ రాదు.

చట్టం తప్పనిసరి చేసింది కదా అని జీతం పెరుగుతుందనుకోకూడదు. ఎన్ఐఎస్ఎమ్ పరీక్షలో వంద ప్రశ్నలు, రెండు గంటల సమయం, సగం మార్కులొస్తే పాస్. కొన్ని వారాలు కూర్చుంటే అయిపోతుంది. ఆ ఉద్యోగంలో ఉన్న ప్రతివారి దగ్గరా అది ఉంటుంది కాబట్టి అది గుమ్మం దాటిస్తుందే తప్ప పక్కవాడి కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తేదు. చార్టర్డ్ అకౌంటెన్సీ సంగతి వేరు. అక్కడ సంతకం చట్టం అడిగిందే, పైగా పరీక్షలూ మూడు దశలే, మధ్యలో ఆర్టికల్‌షిప్ కూడా ఉంది కాబట్టి ఆ సంతకం పెట్టగలిగేవాళ్లు కొద్దిమందే. తప్పనిసరి కావడం, అరుదు కావడం రెండూ ఒకచోట కలిసినప్పుడే యజమాని చెయ్యి జేబులోకి పోతుంది. ఏదో ఒకటే ఉంటే ఉద్యోగం రావచ్చు కానీ బేరమాడే బలం రాదు.

హైదరాబాదులో ఫైనాన్స్ చదువుకున్న పిల్లలు ఎక్కువమంది తల పట్టుకుని కూర్చునేది మాత్రం చట్టం ఏమీ చెప్పని చోట. ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో బీకాం చదివి, హైదరాబాదులో ఒక అమెరికన్ కంపెనీ సొంత కార్యాలయంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి అనుకుందాం. ఇలాంటి ఆఫీసులనే ఇప్పుడు జీసీసీలు అంటున్నారు. ఆమె పని నెలాఖరు ఖాతాలు మూయడం, జర్నల్ ఎంట్రీలు వెయ్యడం, బ్యాంకు ఖాతాలతో సరిచూడడం. పనికి పేరుంది కానీ ఎదుగుదల లేదు. బడ్జెట్లు, అంచనాలు, అనుకున్నదానికీ అయినదానికీ తేడా ఎందుకొచ్చిందో చెప్పే ఎఫ్‌పీ అండ్ ఏ విభాగంలోకి మారాలని ఆమె కోరిక. ముందు నాలుగు దారులున్నాయి. స్నేహితురాలు సీఎఫ్ఏ అంటోంది. కోచింగ్ వాళ్లు రోజూ ఫోన్ చేసి యూఎస్ సీఎంఏ అంటున్నారు. టీమ్ లీడరు గ్రీన్ బెల్ట్ చెయ్యమంటున్నాడు. అన్నయ్య తన సాఫ్ట్‌వేర్ అనుభవంతో పీఎంపీ అంటున్నాడు.

ఆమె మొదట చెయ్యాల్సిన పని ఎవర్నీ అడగడం కాదు, ఉద్యోగ ప్రకటనలు పోగెయ్యడం. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానివి కాదు, తను చేరాలనుకుంటున్న ఉద్యోగానివి, దానికి పై మెట్టువి. ఎఫ్‌పీ అండ్ ఏ అనలిస్టు, సీనియర్ అనలిస్టు, మేనేజరు, అన్నీ హైదరాబాదులోవే, ముప్పై నలభై దాకా ఒకచోట పెట్టుకోవాలి. ఒక్కోదాంట్లో అర్హతల వరుస చదివి, తప్పనిసరి అన్నది ఒకవైపు, ఉంటే మంచిది అన్నది ఇంకోవైపు రాసుకోవాలి. కంపెనీలు ఉంటే మంచిది అన్న చోట తోచినవన్నీ రాసేస్తాయి. దాన్ని నమ్మి లక్షలు ఖర్చు పెట్టకూడదు. తప్పనిసరి అన్న వరుసే అసలు మాట.

అలా చదువుతుంటే కొన్ని పోలికలు కళ్లకు కడతాయి. ఎఫ్‌పీ అండ్ ఏ ప్రకటనల్లో "సీఏ, సీఎంఏ లేదా ఎంబీఏ ఫైనాన్స్" అన్న మాటలు గుంపుగా కనిపిస్తాయి. సీఎఫ్ఏ అన్న మాట ఎక్కువగా కనిపించేది షేర్ల విశ్లేషణ, పెట్టుబడుల నిర్వహణ, కంపెనీల విలువ కట్టడం వంటి ఉద్యోగాల్లో. అది పుట్టిందే అందుకు. 1963లో మొదటి పరీక్షలు జరిగినప్పటి నుంచి పెట్టుబడుల విశ్లేషకులే దాని మనుషులు. మన సెబీ కూడా పోర్ట్‌ఫోలియో మేనేజర్ల నిబంధనల్లో ప్రధాన అధికారి అర్హతల కింద సీఎఫ్ఏ చార్టర్‌ను పేరు పెట్టి చెప్పింది. బ్యాంకుల రిస్క్ విభాగాల ప్రకటనల్లో ఎఫ్ఆర్ఎమ్ కనిపిస్తుంది. గ్రీన్ బెల్ట్, పీఎంపీ కనిపించేది పనిని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించే ట్రాన్సిషన్ మేనేజర్ల ప్రకటనల్లో. అంటే నలుగురూ చెప్పినవి నాలుగు వేరువేరు ఉద్యోగాలకు దారులు. టీమ్ లీడరు తన పై మెట్టు చూసి చెప్పాడు, అన్నయ్య తన ఆఫీసు చూసి చెప్పాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఆమె వెళ్లాల్సిన ఊరి బస్సు మాత్రం వాళ్లు చెప్పలేదు.

సీఎఫ్ఏ ఆమెకు ఎందుకు సరిపడదో ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా కాలం పోగొట్టుకునేది ఇక్కడే. మూడు లెవల్స్ ఉన్నాయి, ఒక్కోదానికి మూడు వందల గంటల చదువు కావాలని ఆ సంస్థే చెబుతుంది. ఒక్కో పరీక్షకు ఫీజే వెయ్యి డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. అన్నీ పాసైనా చార్టర్ చేతికి రావాలంటే పెట్టుబడి నిర్ణయాలకు సంబంధించిన పనిలో నాలుగు వేల గంటల అనుభవం, అదీ కనీసం మూడేళ్ల మీద చూపించాలి. జర్నల్ ఎంట్రీలు వేసిన గంటలు అందులో లెక్కకు రావడం కష్టం. మొదటి లెవల్ పాసై ఆగిపోయినవాళ్లకు సగం బిరుదు అంటూ ఏదీ లేదు. ఫలానా లెవల్ పాసయ్యానని రాసుకోవచ్చు కానీ పేరు పక్కన పెట్టుకోవడానికి ఆ సంస్థ ఒప్పుకోదు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి ఈక్విటీ రీసెర్చ్‌లో అడుగు పెట్టాలనుకునే విద్యార్థికి మొదటి లెవల్ పనికొస్తుంది, ఆసక్తి ఉందని చూపిస్తుంది. నాలుగేళ్లు అకౌంటింగ్‌లో ఉన్న మనిషికి అది పక్క వీధిలో వేసిన పునాది.

ఇక సీఎంఏ. ఇక్కడ ఒక చిక్కుంది. అవే మూడు అక్షరాలతో రెండు వేరు అర్హతలున్నాయి. ఒకటి మన దేశంలో 1959 నాటి చట్టం కింద ఏర్పడ్డ కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చేది. రెండోది అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్స్ ఇచ్చేది, రెండు పేపర్లు, రెండేళ్ల అనుభవం. మొదటిదానికి కాస్ట్ ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు ఉంది. రెండోదానికి మన దేశంలో ఏ సంతకం హక్కూ లేదు. నల్గొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీ ప్రకటనలో సీఎంఏ అని ఉంటే అది మొదటిదే. అక్కడికి అమెరికన్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే ప్రయాణ ఖర్చు దండగ. అమెరికన్ కంపెనీ జీసీసీలో మాత్రం రెండిటికీ తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే అక్కడ ఆ మాట జల్లెడ మాత్రమే. వచ్చిన వందల రెజ్యూమెల్లో ఎవర్ని పిలవాలో హెచ్ఆర్ వాళ్లు ఆ గుంపు మాటలతో ఏరుకుంటారు. ఉత్త బీకాం దగ్గర ఆగిపోయిన రెజ్యూమె అక్కడికక్కడే పక్కకు పోతుంది. ఆగే పని అంటే ఈ సందర్భంలో అదీ: ఆ మాట లేకపోతే ఆమె ఫైలు మేనేజరు బల్ల దాకా చేరదు.

బల్ల దాకా చేరాక ఆ కాగితం పని అయిపోతుంది. మేనేజరు పక్కనున్న గదిలో కూర్చోబెట్టి ఒక ఎక్సెల్ ఫైలిచ్చి, ఈ త్రైమాసికంలో లాభం ఎందుకు తగ్గిందో ముప్పై నిమిషాల్లో చెప్పమంటాడు. ధర తగ్గిందా, అమ్మకాల పరిమాణం తగ్గిందా, డాలరు మారకం వల్లనా అని విడదీసి చెప్పగలిగితే ఉద్యోగం. చెప్పలేకపోతే ఏ మూడక్షరాలూ కాపాడవు. అందుకే ఆ అమ్మాయి యూఎస్ సీఎంఏ ఎంచుకున్నా, చదివే ఏడాదిలోనే తన ఆఫీసులో ఎఫ్‌పీ అండ్ ఏ వాళ్లకు నెలాఖరు తేడాల వివరణలు రాసిపెట్టే పని అడిగి తీసుకోవాలి. పరీక్ష తలుపు తీస్తుంది, లోపల చెప్పుకోవడానికి ఆ పని ఉండాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలు, ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. ఆమె జీతం ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. కోచింగ్, సభ్యత్వం, పరీక్ష ఫీజులు కలిపి లక్షా అరవై వేలు అయ్యాయి. పాసై ఎఫ్‌పీ అండ్ ఏ ఉద్యోగానికి మారితే 8.5 లక్షలు వచ్చాయి. రెండున్నర లక్షల లాభం అని బ్రోచర్ వాళ్లు అచ్చు వేస్తారు. ఆ లెక్క తప్పు. ఏ పరీక్షా రాయని ఆమె సహోద్యోగి అదే ఖాతాల పనికి ఇంకో కంపెనీ మారి 7.5 లక్షలు తెచ్చుకుంది. కంపెనీ మారినందుకు వచ్చే లక్షన్నర సర్టిఫికెట్ ఖాతాలో వెయ్యకూడదు. కాగితం తెచ్చింది ఏడాదికి లక్ష. పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది, ఏడాది పాటు పోయిన సాయంత్రాలు, ఆదివారాలు వేరు. అయినా ఇది మంచి బేరమే, ఎందుకంటే కొత్త దారిలో పై మెట్లు ఉన్నాయి, పాత దారిలో లేవు. గ్రీన్ బెల్ట్‌కు ఇదే లెక్క వేస్తే కాగితం వాటా సున్నా దగ్గర ఆగుతుంది.

ప్రకటనల తర్వాత చూడాల్సింది మనుషుల్ని. ఆ ఉద్యోగంలో ఇప్పుడు ఉన్నవాళ్ల ప్రొఫైళ్లు లింక్డ్ఇన్‌లో దొరుకుతాయి. సర్టిఫికెట్ ఉందా లేదా అని మాత్రమే చూసి చాలామంది ఆగిపోతారు. ఏ ఏడాది వచ్చిందో చూడాలి, ఆ పదవిలోకి ఏ ఏడాది వచ్చారో చూడాలి. పదవి ముందొచ్చి సర్టిఫికెట్ తర్వాత వచ్చిందంటే, ఆ మెట్టు ఎక్కించింది ఆ కాగితం కాదు. చాలా కంపెనీల్లో మేనేజరు అయ్యాక కంపెనీ ఖర్చుతో పీఎంపీనో బ్లాక్ బెల్టో చేయిస్తారు. బయట నుంచి చూసే కుర్రవాడికి మాత్రం పీఎంపీ ఉన్నవాళ్లంతా మేనేజర్లుగా కనిపిస్తారు.

పీఎంపీ మాట వచ్చింది కాబట్టి అది నిజంగా ఎక్కడ పండుతుందో చెప్పుకోవాలి. అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఇస్తున్న అర్హత ఇది. దీని బలం టెండర్లలో ఉంది. ఒక ప్రభుత్వ శాఖ పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ కట్టించాలనుకుంటే టెండరు పిలుస్తుంది. ధర కవరు తెరిచే ముందు సాంకేతిక మార్కులు వేస్తారు. అందులో కంపెనీ పెట్టబోయే మనుషుల రెజ్యూమెలకు కొన్ని మార్కులుంటాయి. ప్రాజెక్ట్ మేనేజరుకు ఇన్నేళ్ల అనుభవం ఉండాలి, పీఎంపీ గానీ ప్రిన్స్2 గానీ ఉండాలి అని చాలా టెండర్లలో రాస్తారు. పది మార్కుల్లో రెండు ఆ కాగితానికే అనుకోండి. పోటీ కంపెనీతో తేడా అరమార్కు దగ్గర తేలే చోట ఆ రెండు మార్కులు కాంట్రాక్టు మొత్తాన్ని అటూ ఇటూ చేస్తాయి. ప్రభుత్వ పనులు, విదేశీ బ్యాంకుల పనులు టెండర్ల ద్వారా తెచ్చుకునే ఐటీ సేవల కంపెనీలు, గల్ఫ్‌లో నిర్మాణ పనులు చూసే కన్సల్టెన్సీలు పీఎంపీ ఉన్నవాళ్లను వదులుకోవు. వాళ్ల అమ్మకాలకు ఆ రెజ్యూమె కావాలి. సొంతంగా యాప్ చేసుకుని అమ్ముకునే ప్రొడక్ట్ కంపెనీకి టెండర్లు ఉండవు, అక్కడ పీఎంపీ అడిగేవాళ్లు తక్కువ. ఒకే నగరంలో, ఒకే వీధిలో ఉన్న రెండు కంపెనీల్లో ఒకటి ఈ కాగితానికి డబ్బిస్తుంది, ఇంకోటి ఇవ్వదు.

పీఎంపీకి కూర్చోవాలంటే డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలి. టీమ్‌లో కోడింగ్ చేసిన కాలాన్ని ప్రాజెక్టు నడిపినట్టు రాసి దరఖాస్తు పెట్టమని సలహా ఇచ్చే శిక్షణ సంస్థలున్నాయి. ఆ సలహా వినకండి. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఏరి ఆడిట్ చేస్తుంది, అప్పటి పై అధికారులు నిర్ధారించాలి. అనుభవం లేని కొత్తవాళ్ల కోసం సీఏపీఎమ్ అని ఒకటుంది. అది చెయ్యడంలో తప్పు లేదు కానీ టెండరు మార్కుల పట్టికలో అది ఉండదు, అందువల్ల దానికి ఎదురుచూసే యజమానులూ తక్కువే.

క్వాలిటీ రంగంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సిక్స్ సిగ్మా 1986లో మోటరోలాలో మొదలైంది, తొంభైల మధ్యలో జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని ప్రపంచమంతటా మోగించింది. కానీ దానికి ఒక యజమాని లేడు. ఎవరైనా శిక్షణ ఇవ్వొచ్చు, ఎవరైనా బెల్ట్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఒక్క సాయంత్రంలో వచ్చే బ్లాక్ బెల్టూ ఉంది, పూర్తిచేసిన ప్రాజెక్టులకు ప్రమాణ పత్రాలడిగే అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ బ్లాక్ బెల్టూ ఉంది. పేరు ఒకటే కాబట్టి యజమాని పేరును నమ్మడం మానేశాడు. ఏ ప్రాజెక్టు చేశావు, తిరస్కరణ ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఆ ఆదాను ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకున్నారా అని అడుగుతాడు. అలాంటి ప్రాజెక్టు చేతిలో ఉంటే బెల్ట్ దానికి ముద్ర అవుతుంది, లేకపోతే ఉత్త రిబ్బను.

కాకినాడ, విశాఖ వైపు నుంచి గల్ఫ్ చమురు, గ్యాస్ ప్రాజెక్టులకు వెళ్లే కుర్రవాళ్ల సంగతి వేరు. అక్కడ వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు కావాలంటే అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి సీడబ్ల్యూఐ గానీ, ఇంగ్లండులోని టీడబ్ల్యూఐ వారి సీఎస్‌డబ్ల్యూఐపీ 3.1 గానీ అడుగుతారు. పాత ప్లాంట్లలో తనిఖీకైతే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 510, 570, 653 ఉన్నాయి. మొదటిది ప్రెషర్ వెసెళ్లకు, రెండోది పైపులకు, మూడోది నిల్వ ట్యాంకులకు. ఇక్కడ పని నిజంగానే ఆగుతుంది. సౌదీ అరామ్‌కో వంటి యజమాని ప్రాజెక్టులో కాంట్రాక్టరు తన ఇన్‌స్పెక్టర్ల రెజ్యూమెలు, సర్టిఫికెట్లు పంపించి ఆమోదం తెచ్చుకోవాలి. ఆమోదం రాని మనిషిని ఆ పదవిలో పెట్టలేడు. మనిషి లేకపోతే జాయింట్లు తనిఖీ కావు, తనిఖీ కాని జాయింటుకు బిల్లు రాదు. కాంట్రాక్టరు ఆ కాగితానికి ఎందుకు డబ్బు పెడతాడో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇదే రంగంలో ఒక ఉచ్చు కూడా ఉంది, దీన్ని తల్లిదండ్రులకు కూడా చెప్పాలి. వెల్డును పగలగొట్టకుండా లోపం కనిపెట్టే ఎన్‌డీటీ పరీక్షల్లో లెవల్ టూ అని సర్టిఫికెట్లు ఇచ్చే శిక్షణ సంస్థలు చాలా ఉన్నాయి. ఐటీఐ, డిప్లొమా పిల్లలు అప్పుచేసి నాలుగైదు పద్ధతులకు ఒకేసారి ఫీజు కడతారు. ఆ సర్టిఫికెట్ల మీద ఎక్కువగా కనిపించే పేరు ఎస్ఎన్‌టీ-టీసీ-1ఎ. ఆ పత్రం చెప్పేదే ఏమిటంటే, మనిషిని ధ్రువీకరించే బాధ్యత అతన్ని పనిలో పెట్టుకున్న యజమానిది. తరగతి గది శిక్షణతో పాటు ఆ పద్ధతిలో చేసిన అనుభవ గంటలు కూడా కావాలి, లెవల్ టూ అంటే అవి వందల్లో ఉంటాయి. కంపెనీ మారితే కొత్త యజమాని తన నిబంధనల ప్రకారం మళ్లీ ధ్రువీకరించాలి. కాబట్టి ఏ కంపెనీలోనూ పని చెయ్యకుండా వారం రోజుల్లో తెచ్చుకున్న లెవల్ టూ, శిక్షణ తీసుకున్నట్టు రుజువే తప్ప ఉద్యోగ అర్హత కాదు. ఇంటర్వ్యూలో అనుభవం లాగ్ బుక్ చూపించమన్న మొదటి ప్రశ్నకే అది తేలిపోతుంది. మనిషితో పాటు కదిలే ధ్రువీకరణ కావాలంటే ఐఎస్ఓ 9712 ప్రకారం మూడో పక్షం ఇచ్చేది చూడాలి, దానికీ అనుభవం తప్పదు. ఫీజు కట్టే ముందు సంస్థ వాళ్లను అడగాల్సింది ఒకటే: నా అనుభవ గంటల మీద సంతకం ఎవరు పెడతారు? సమాధానం నీళ్లు నములుతూ వస్తే లేచి వచ్చెయ్యాలి.

హైదరాబాదు మందుల కంపెనీల్లో క్వాలిటీ విభాగం చూస్తే మళ్లీ వేరే కథ. అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలు సిబ్బందికి చదువు, శిక్షణ, అనుభవం ఉండాలంటాయి కానీ ఫలానా సర్టిఫికెట్ అని పేరు చెప్పవు. అందుకే అక్కడ బెల్టుల కన్నా, ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు వాళ్ల ముందు కూర్చుని జవాబులు చెప్పిన అనుభవానికి, వాళ్లు రాసిచ్చిన అభ్యంతరాలకు సమాధానాలు తయారుచేసిన అనుభవానికి ధర ఎక్కువ. మన రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖ ఆమోదించిన సాంకేతిక సిబ్బందిగా పేరు నమోదై ఉంటే దానికీ గిరాకీ ఉంది, ఎందుకంటే తయారీ లైసెన్సుకు అలాంటి మనుషులు కావాలి. ఆ ఆమోదం ఏ కోచింగ్ సెంటర్లోనూ అమ్మరు. పనిచేస్తున్న కంపెనీ దరఖాస్తు పెడితేనే వస్తుంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి నాలుగేళ్లు ల్యాబులో ఉన్నవాళ్లు ఆన్‌లైన్ కోర్సుకు ఫీజు కట్టే ముందు, తమ పేరు ఆ జాబితాకు పంపమని మేనేజర్ని అడగడం మేలు.

చివరగా, సర్టిఫికెట్ వచ్చాక దాన్ని బతికించుకునే ఖర్చు. ఎన్ఐఎస్ఎమ్ మ్యూచువల్ ఫండ్ సర్టిఫికెట్ మూడేళ్లే ఉంటుంది. ఏపీఐ, సీడబ్ల్యూఐలను కూడా మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పీఎంపీకి మూడేళ్లలో 60 యూనిట్ల చదువు చూపించాలి. సీఎఫ్ఏ, యూఎస్ సీఎంఏలకు ఏటా సభ్యత్వ రుసుము కట్టాలి, అదీ డాలర్లలో. చాలా కంపెనీలు ఈ ఖర్చుల్లో కొంత తిరిగి ఇస్తాయి, ఇచ్చినందుకు ఏడాదో రెండేళ్లో అక్కడే ఉండాలని షరతు పెడతాయి. ఆ రీయింబర్స్‌మెంటు పట్టికను హెచ్ఆర్ దగ్గర అడిగి తీసుకుని నిదానంగా చదవండి. మొదటిసారి పరీక్ష ఫీజు మాత్రమే ఇస్తామని ఉంటే, అది ఉద్యోగిని సంతోషపెట్టడానికి పెట్టిన పథకం కావచ్చు. పునరుద్ధరణ ఫీజు, వార్షిక సభ్యత్వం కూడా ఏటేటా కంపెనీయే కడుతోందంటే, ఆ కాగితం గడువు తీరిపోతే నష్టపోయేది తనేనని ఆ కంపెనీకి తెలుసు.